వాకిట్లో ముగ్గును చదవడం ఎలా: ఒక వీధి, ఒక నోటుబుక్కు, తొమ్మిది చుక్కలు

ముగ్గుల మీద పని చేయాలని మొదటిసారి అనుకున్నప్పుడు నేను చేసిన పని ఫొటోలు తీయడం. అమలాపురం దగ్గర కాలవగట్టున ఉన్న మా పిన్నిగారి ఊళ్ళో ధనుర్మాసం నెలంతా ఉండి, రోజూ ఏడింటికి వీధిలోకి వెళ్ళి కనిపించిన ప్రతి ముగ్గునూ ఫోన్లో ఎక్కించుకున్నాను. నెల తిరిగాక కూర్చుని చూసుకుంటే బొమ్మలున్నాయి కానీ అవి వేసిన చేతులు లేవు. గీత ఎక్కడ మొదలైంది, ఏ చుక్క ముందు పడింది, ఎక్కడ చెయ్యి ఆగింది, ఏది పొరపాటు, ఏది కావాలని మార్చినది? ఒక్కదానికీ ఫొటోలో జవాబు లేదు. ముగ్గు వేయడం ఐదు పది నిమిషాల పని. మనం చూసేది ఆ పని వదిలి వెళ్ళిన పొడి. మీరు ముగ్గును చదవాలనుకుంటే ఆ ఐదు నిమిషాలనూ రాసుకోవడం నేర్చుకోవాలి. కింద రాసినదంతా దాని గురించే.

ముందు వీధిని ఎంచుకోండి

ఊరంతా తిరగకండి. పది పన్నెండు ఇళ్ళున్న ఒక్క వీధి చాలు. కొన్ని ఇళ్ళకు మట్టి వాకిలి, కొన్నింటికి సిమెంటు వాకిలి ఉన్న వీధి దొరికితే ఇంకా మంచిది, ఎందుకో తర్వాత చెప్తాను. వీలైతే ధనుర్మాసంలో, అంటే డిసెంబర్ మధ్య నుంచి సంక్రాంతి దాకా మొదలుపెట్టండి. నెలపట్టాక మామూలు రోజుల్లో నాలుగు గీతలతో సరిపెట్టే వాళ్ళు కూడా పెద్ద ముగ్గులు వేస్తారు. కానీ ఆ నెలతోనే ఆపేయకండి. పండుగ ముగ్గు నలుగురూ చూడ్డానికి వేసేది. ఆషాఢంలో ఒక మామూలు మంగళవారం నాడు వేసినదే చేతికి నిజంగా అలవాటైన ముగ్గు. ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుంటేనే ఒక మనిషి ముగ్గు మీకు తెలుస్తుంది.

ముందు రోజు సాయంత్రమే ఇంటింటికీ వెళ్ళి అడగండి. "పొద్దున్నే మీరు ముగ్గేసేటప్పుడు పక్కన నిలబడి చూస్తానండి, బొమ్మ గీసుకుంటాను" అంటే మా వైపు ఎవరూ కాదనరు. "ఆయ్, మా ముగ్గులో ఏముందండీ చూడ్డానికి" అంటారు, అది ఒప్పుకున్నట్టే. వీడియో మాత్రం విడిగా అడగాలి. పొద్దున్నే నలిగిన చీరలో, జుట్టు విరబోసుకుని ఉన్నప్పుడు కెమెరాలో పడడం చాలామందికి ఇష్టం ఉండదు. చేతులు, నేల మాత్రమే పడేలా తీస్తానని చెప్పి, అలాగే తీసి, అక్కడే చూపించండి. నోటుబుక్కులో పేర్లు రాయకండి. ఒకటో ఇల్లు, రెండో ఇల్లు అని రాసుకుంటే చాలు.

నేల ఊడవకముందే వెళ్ళండి

ఆ నెలలో కోనసీమలో సూర్యోదయం దాదాపు ఆరున్నరకి. ముగ్గులు అంతకు ముందే పడతాయి. మీరు ఐదుంపావుకల్లా వీధిలో ఉండాలి. ఎందుకంటే ముగ్గు చుక్కతో మొదలవదు, చీపురుతో మొదలవుతుంది. ఊడవడం, కళ్ళాపి చల్లడం, నీళ్ళు ఇంకేదాకా ఆగడం, తర్వాత పిండి. ఈ నాలుగింటికీ టైము రాసుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆ ఆగడం. కళ్ళాపి నీళ్ళు ఇంకా నిలిచి ఉండగా వేస్తే పిండి తడిసి గీత మసకబారుతుంది. పూర్తిగా ఆరాక వేస్తే గీత నేలను పట్టుకోదు, చిన్న గాలికే లేస్తుంది. నేల చల్లగా, చెమ్మగా ఉండి చెయ్యి పెడితే తడి అంటని వేళ ఒకటి ఉంటుంది. పేడనీళ్ళు చల్లిన మట్టి వాకిట్లో ఆ వేళ కాసేపు నిలుస్తుంది. సిమెంటు మీద నీళ్ళు ఇంకవు, పైపైన ఆరిపోతాయి. అందుకే సిమెంటు వాకిలి ఉన్నవాళ్ళు తొందరగా వేస్తారు, గీత లావుగా వేస్తారు. ఒకే ఆవిడ పుట్టింటి మట్టి వాకిట్లో సన్నగానూ, అత్తింటి సిమెంటు మీద లావుగానూ వేయడం చూశాను. ఫొటోలే చూసిన వాళ్ళకు అది ఇద్దరు మనుషుల పనిలా కనిపిస్తుంది. రెండు రకాల వాకిళ్ళూ ఉన్న వీధిని ఎంచుకోమన్నది అందుకే.

పిండి ఏమిటో కూడా అడగండి. బండి మీద "ముగ్గోయ్ ముగ్గు" అంటూ అమ్మేది రాతిపిండి. దానిలో బియ్యప్పిండి కలిపేవాళ్ళున్నారు, గడప దగ్గర, తులసికోట దగ్గర బియ్యప్పిండే వాడేవాళ్ళూ ఉన్నారు. "అంతా బియ్యప్పిండేనండీ" అని మర్యాదకు చెప్పినా, నిజం తేల్చుకోవడం తేలిక. వాళ్ళనడిగి ఒక చిటికెడు పిండి సీసా మూతలో తెచ్చుకోండి. ఇంటికొచ్చాక దాని మీద ఒక చుక్క టించర్ అయోడిన్ వేయండి. బియ్యప్పిండి ఉంటే నీలం కలిసిన నలుపు వస్తుంది. వట్టి రాతిపిండైతే అయోడిన్ రంగే ఉండిపోతుంది. అయితే కలిపారా లేదా అన్నదే ఇది చెప్తుంది, ఎంత కలిపారో చెప్పదు. ఈ పరీక్ష వాళ్ళ వాకిట్లో మాత్రం చేయకండి. మాట నమ్మలేదన్నట్టు ఉంటుంది.

చుక్కల లెక్క పూర్తిగా రాయండి

"ఏడు చుక్కల ముగ్గు" అని రాసుకుంటే ఏమీ రాసుకోనట్టే. ముగ్గుల పుస్తకాలు ఉన్న ఏ ఆడపిల్లనడిగినా చెప్తుంది, మూడు సంగతులు కావాలి: నడిమి వరుసలో ఎన్ని, చివరి వరుసలో ఎన్ని, సందు చుక్కా ఎదురు చుక్కా. పై వరుస చుక్కలు కింది వరుస చుక్కల మధ్య ఖాళీల్లో పడితే సందు చుక్క. సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడితే ఎదురు చుక్క.

అదే ఏడును మూడు రకాలుగా పెట్టి చూడండి. ఏడు నుంచి నాలుగు వరకు సందు చుక్క అంటే నడుమ 7, అటూ ఇటూ 6, 5, 4. మొత్తం 37, ఆకారం ఆరు మూలలది. ఏడు నుంచి ఒకటి వరకు సందు చుక్క అంటే మొత్తం 49, అటూ ఇటూ మొనదేలిన ఆకారం. ఏడు నుంచి ఒకటి వరకు ఎదురు చుక్క అంటే నడుమ 7, అటూ ఇటూ 5, 3, 1, మొత్తం 25. మూడూ "ఏడు చుక్కలే", ఒకదానిలో వేసే ముగ్గు ఇంకోదానిలో కూర్చోదు. మొత్తాన్ని లెక్కపెట్టి పక్కన రాసుకుంటే వరుసలు తప్పుగా రాసుకున్నారేమో అక్కడికక్కడే దొరుకుతుంది.

చుక్కలు ఏ వరుస నుంచి మొదలయ్యాయో కూడా చూడండి. అలవాటున్నవాళ్ళు నడిమి వరుస ముందు పెట్టి, ఒక పక్కకు తగ్గించుకుంటూ వెళ్ళి, తిరిగొచ్చి రెండో పక్క పూర్తి చేస్తారు. కొత్తవాళ్ళు పై నుంచి మొదలుపెట్టి పెంచుకుంటూ వస్తారు, వాళ్ళకు నడుమకొచ్చేసరికి వరుస వంకర పోతుంది. పూర్తయిన ముగ్గు ఒక పక్కకు వాలినట్టుందంటే కారణం చాలాసార్లు ఇదే.

తొమ్మిది చుక్కల మీద ఒక పాఠం

ఇప్పుడు గీతలు. చుక్కల్ని కలిపే గీతల ముగ్గులు ఉంటాయి, చుక్కల్ని తాకకుండా చుట్టూ తిరిగే మెలికల ముగ్గులు ఉంటాయి. తిప్పుడు ముగ్గులని కూడా వీటినే అంటారు. చేతిని చదవడం నేర్చుకోవడానికి మెలికల ముగ్గును మించినది లేదు. అన్నిటికంటే చిన్నదానితో మొదలుపెడదాం: మూడు వరుసలు, వరుసకు మూడు, ఎదురు చుక్క. మా పిన్నిగారు మామూలు రోజుల్లో గడప ముందు వేసేది ఇదే.

ముందు కాగితం మీద సాదా రూపం వేసుకోండి. పక్కపక్కనున్న ప్రతి రెండు చుక్కల మధ్యా, పైకిందలుగా ఉన్న ప్రతి రెండు చుక్కల మధ్యా ఒక చిన్న ఇంటూ గుర్తు వేయండి. పన్నెండు వస్తాయి. ఇంటూల కొసలన్నీ ఏటవాలుగా కలిపేయండి, అంచుల్లో చుక్క చుట్టూ గుండ్రంగా తిప్పేయండి. అల్లిన చాపలా కనిపిస్తుంది.

ఇప్పుడు ఒక రంగు పెన్సిల్‌తో ఎక్కడో ఒకచోట మొదలుపెట్టి గీత వెంబడే వెళ్ళండి. ఇంటూ వచ్చినచోట తిరగకుండా నేరుగా దాటండి. మొదలుపెట్టిన చోటికే వస్తారు, కానీ కొంత ముగ్గు రంగు పడకుండా మిగిలిపోతుంది. ఇంకో రంగు తీసుకోండి. ఈ ముగ్గుకు మూడు రంగులు కావాల్సి వస్తుంది, ఒక్కో రంగుది ఒక్కో మెలిక. రెండు మెలికలు మూల నుంచి మూలకు కోలగా పడుకుని ఉంటాయి, ఒక్కోదాని కడుపులో మూడేసి చుక్కలు. మూడోది నాలుగు మూలల చుక్కల్నీ బయటే వదిలేసి, లోపలి ఐదింటినీ డైమండ్ ఆకారంలో చుడుతుంది.

ఎన్ని మెలికలు వస్తాయన్నది గీయకుండానే చెప్పొచ్చు. వరుసల సంఖ్యకూ, వరుసలోని చుక్కల సంఖ్యకూ గరిష్ఠ సామాన్య భాజకం ఎంతో అన్ని మెలికలు. 3, 3 కి మూడు. 3, 4 కి ఒకటి. 4, 6 కి రెండు. ఇది చతురస్రంగానో దీర్ఘచతురస్రంగానో ఉండి, ప్రతి సందులోనూ ఇంటూ ఉన్న ఎదురు చుక్కల ముగ్గుకే వర్తిస్తుంది, సందు చుక్కకు కాదు. అంగోలాలో చోక్వే ప్రజలు ఇసుక మీద వేలితో గీసే సోనా బొమ్మల్లోనూ ఇదే లెక్క కనిపిస్తుంది. మొజాంబిక్‌లో పనిచేసిన గణితవేత్త పౌలుస్ గెర్డెస్ వాటి మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. మనకు పక్కనే మద్రాసులో గిఫ్ట్ సిరోమణి, రాణీ సిరోమణి, కమలా కృతివాసన్ 1974లో తమిళ ముగ్గులైన కోలాలను కంప్యూటర్ వ్యాకరణంగా రాసి చూపించారు.

మళ్ళీ మా పిన్నిగారి వాకిట్లోకి. ఆవిడ ముగ్గులో మూడు మెలికలు లేవు. ఫొటో మీద రంగులేస్తే ఒకే రంగు మొత్తం తిరిగి వచ్చేసింది. కారణం వీధివైపున్న కింది వరుసలో ఉంది. ఆ వరుసలో మూడు చుక్కలకు రెండు సందులు. ఆ రెండు సందుల్లోనూ ఆవిడ ఇంటూ వేయలేదు. గీతలు దాటుకోకుండా, ఒకదానికొకటి వీపు ఆనించినట్టు విడిపోయాయి. దాంతో కింది మూడు చుక్కలూ మూడు విడి రేకుల్లో కూర్చున్నాయి, వీధి వైపుకు.

ఎందుకలా అంటే: రెండు వేరే మెలికలు దాటుకునే చోట ఇంటూ తీసేసి విడగొడితే ఆ రెండూ కలిసి ఒకటైపోతాయి, ఎటువైపు విడగొట్టినా సరే. మొదటి సందులో కోలమెలికా డైమండూ కలిశాయి. రెండో సందులో ఆ కలిసినదీ రెండో కోలమెలికా కలిశాయి. మూడు ఒకటయ్యాయి. ఒకే మెలిక తనను తానే దాటుకునే చోట విడగొడితే మాత్రం రెండు ముక్కలైనా అవ్వొచ్చు, ఒకటిగానే ఉండిపోవచ్చు. అది ఎటు విడగొట్టామన్న దాన్ని బట్టి ఉంటుంది. కాగితం మీద పెన్సిల్‌తో నాలుగైదుసార్లు చేసి చూడండి, మాటల్లో కంటే తొందరగా అర్థమవుతుంది.

"పిన్నీ, కింద ఎందుకు విడగొట్టావు?" అని అడిగాను.

"విడగొడితేనే కదమ్మా మొత్తం ఒకటయ్యేది" అంది, చీపురు గోడకు ఆనిస్తూ.

ఎవరు నేర్పారంటే వాళ్ళ అమ్మగారు అలాగే వేసేవారని చెప్పింది. లెక్క పేరు ఆవిడకు తెలియదు, లెక్క తెలుసు.

మెలికలు వేరు, చెయ్యి ఎత్తినవి వేరు

ఇక్కడే అసలు సంగతి ఉంది, ఫొటో తీసేవాళ్ళంతా పొరపడేది కూడా ఇక్కడే. ముగ్గు ఒకే మెలికగా ఉంది కాబట్టి ఒకే తీరుగా చెయ్యి ఎత్తకుండా వేశారనుకుంటారు. మా పిన్నిగారు దగ్గరుండి చూస్తుండగా వేసినప్పుడు ఆవిడ చెయ్యి ఐదుసార్లు లేచింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టే పిండి కొంత దూరమే వస్తుంది. నడుం వంచి నిలబడ్డ మనిషికి చెయ్యి అందే మేర కూడా కొంతే. కాబట్టి నోటుబుక్కులో రెండు అంకెలు విడివిడిగా ఉండాలి: మెలికలు ఎన్ని, చెయ్యి ఎన్నిసార్లు లేచింది. ఇద్దరి ముగ్గులు అచ్చంగా ఒకటే అయినా రెండో అంకెలో తేడా వస్తుంది. ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారో వెతికేటప్పుడు బొమ్మకంటే గీతలు పడిన వరుసే ఎక్కువ చెప్తుంది. బొమ్మను ఎవరైనా వాట్సాప్‌లో చూసి దించొచ్చు. చెయ్యి తిరిగే వరుస మాత్రం పక్కన కూర్చుని చూస్తేనే వస్తుంది.

రాసుకునే పద్ధతి ఇది. చుక్కలు పెట్టిన వెంటనే మీ నోటుబుక్కులో అవే చుక్కలు పెట్టుకోండి. పేజీ పైభాగం ఎప్పుడూ ఇంటి గడప వైపు అని అనుకోండి. ముగ్గు వేసే మనిషి ఎటు నిలబడ్డారో ఒక బాణం గుర్తు వేయండి. ఆవిడ ఒక గీత వేసి చెయ్యి ఎత్తేదాకా ఆగి, ఆ గీతను మీరూ గీసి 1 అని రాయండి, ఏ వైపుకు సాగిందో చిన్న బాణం. తర్వాతది 2. మీరు వెనకబడితే వదిలేయండి, ఆపమని అడగకండి. ఆపితే చెయ్యి ఆలోచించడం మొదలుపెడుతుంది, వరుస మారిపోతుంది. మర్నాడు అదే ముగ్గు పడకపోవచ్చు, కానీ వారంలో ఎప్పుడో పడుతుంది.

మీరు వెళ్ళేసరికి ముగ్గు పూర్తయిపోతే కొంతవరకు వెనక్కి చదవొచ్చు. గీత మొదట్లో వేళ్ళు తెరుచుకుని పిండి కాస్త కుప్పగా పడుతుంది, చివర్లో సన్నబడుతుంది. చేయి తిరిగినవాళ్ళు ఇంటూ దగ్గరే చెయ్యి ఎత్తుతారు, అతుకు కనబడకుండా. అతుకు గుండ్రటి వంపు మధ్యలో ఉందంటే అక్కడ పిండి అయిపోయిందనో, ఎవరో పిలిచారనో అనుకోవాలి. ఇదంతా ఊహే, నోటుబుక్కులో ఊహ అని రాయండి. కళ్ళతో చూసినదాన్నీ, వెనక్కి చదివినదాన్నీ రెండు రంగుల సిరాతో రాస్తే తర్వాత కలిసిపోవు.

ఫొటో కూడా తీయండి, కానీ నిలువుగా పై నుంచి. పక్క నుంచి తీస్తే దూరపు వరుసలు దగ్గరైపోయి ఎదురు చుక్కా సందు చుక్కా అన్నదే అనుమానమొస్తుంది. అరుగు మీద నిలబడితే చాలావరకు కుదురుతుంది. పక్కన ఒక స్కేలు పెట్టండి. తెల్ల పిండి కాంతికి చెదిరిపోతుంటే ఫోన్ తెరమీద గీతను తాకి వెలుతురు తగ్గించండి. ముగ్గును మాత్రం తొక్కకండి, దాటకండి, చుట్టూ తిరిగి వెళ్ళండి.

ఏమని అడగాలి

"దీని అర్థం ఏమిటి?" అని అడగకండి. ఆ ప్రశ్నకు టీవీలో విన్న జవాబే వస్తుంది, పాపం మీకు ఏదో ఒకటి చెప్పాలని చెప్తారు. "దీన్నేమంటారు?", "ఎవరి దగ్గర నేర్చుకున్నారు?", "ఇది ఎప్పుడు వేయరు?" అని అడగండి. చివరి ప్రశ్న అన్నిటికంటే ఎక్కువ ఇస్తుంది. తద్దినం రోజు ఆ ఇంటి వాకిట్లో ముగ్గుండదు. ఇంట్లో ఎవరైనా పోతే ఉండదు. వీధి అంతా తెల్లగా ఉండి ఒక్క వాకిలి ఖాళీగా ఉంటే చూసిన వాళ్ళందరికీ అర్థమవుతుంది. మీ నోటుబుక్కులో ఆ రోజు ఆ ఇంటి పేజీ వదిలేయకుండా "ముగ్గు లేదు" అని రాయండి. కారణం ఆ రోజే వెళ్ళి అడగకండి. నాలుగు రోజులాగితే పక్కింటివాళ్ళే చెప్తారు. ఒంట్లో బాగోలేకనో, ఊరెళ్ళో కూడా అయ్యుండొచ్చు.

పొరపాట్లను కూడా జాగ్రత్తగా చూడండి. ఒక చుక్క తప్పితే కొందరు చేత్తో తుడిచి మళ్ళీ వేస్తారు, కొందరు తప్పిన చుక్కనే పువ్వుగా మార్చేస్తారు. మర్నాడు కూడా అక్కడే పువ్వు కనిపిస్తే అది ఇక పొరపాటు కాదు. ఆరో ఇంటి కోడలు గుమ్మడిపువ్వు ముగ్గులో అలా వచ్చిన ఒక రేకును నేను మూడు వారాలు వరసగా రాసుకున్నాను. సంక్రాంతికి నాలుగో ఇంట్లోనూ అదే రేకు పడింది.

రెండోసారి కూడా వెళ్ళండి

పదింటికి ఒకసారి, సాయంత్రం ఒకసారి అదే వీధిలో నడవండి. పొద్దుటి బొమ్మ పక్కనే ఏది మిగిలిందో పెన్సిల్‌తో గీతలు కొట్టి గుర్తుపెట్టుకోండి. బియ్యప్పిండి ఉన్నచోట చీమలు వరసకట్టి ఉంటాయి, పిచ్చుకలు వాలతాయి, గీత ముక్కలు ముక్కలుగా పోతుంది. రాతిపిండి సైకిలు చక్రాలకూ, కాళ్ళకూ చెదురుతుంది కానీ చోటు మారి అక్కడే ఉంటుంది. అయోడిన్ పరీక్ష చేయలేని ఇళ్ళ పిండి గురించి ఈ సాయంత్రం నడకే కొంత చెప్తుంది. పొగమంచు కురిసిన రోజు, వాన పడ్డ రోజు విడిగా రాయండి. మా లంక ఊళ్ళలో ముసురు పట్టిందంటే మూడు రోజులు వీధి వాకిళ్ళు ఖాళీ, ముగ్గు వరండాలోకి, గడప లోపలికి చేరుతుంది, నాలుగు గీతలకు తగ్గుతుంది. ఏ గీతలు మిగుల్చుకున్నారో చూడండి. చోటు తగ్గినప్పుడు ఏది వదులుకోకుండా వేశారో ఆ ఇంటి ముగ్గుకు అదే మూలం.

పండుగ చివర్లో రథం ముగ్గు వేస్తారు. రథానికి కట్టిన తాడు గీతగా గేటు దాటి వీధిలోకి వెళ్ళి పక్కింటి రథం తాడుతో కలుస్తుంది. ఆ రోజు నోటుబుక్కు పేజీ చాలదు, పాత కాలెండర్ వెనక వీధి మొత్తం ఒకే పటంగా గీసుకోండి. ఏ ఇంటి తాడు ఏ ఇంటిదాకా వచ్చింది, మధ్యలో ఎవరి వాకిలి దాటి వెళ్ళింది, కలిపే గీత ఎవరి చేత్తో పడింది, అన్నీ రాయండి. నేను గీసిన పటంలో మొదటి ఇంటి నుంచి తొమ్మిదో ఇంటి దాకా తాడు తెగకుండా వచ్చింది. పదో ఇంటి ముందు ఆగింది. ఆ ఇంట్లో ఆ ఏడాది పండుగ లేదు. పదకొండో ఇంటావిడ తన తాడును చుట్టూ తిప్పి తెచ్చి, పదో ఇంటి వాకిట్లో పిండి పడకుండా, తొమ్మిదో ఇంటి తాడుకు కలిపింది.